చిత్తం, వృత్తి, నిరోధం: యోగసూత్రంలో తెలిసిన మాటలే తప్పుదారి పట్టించే తీరు

పతంజలి యోగసూత్రాల్లో రెండోది ఇది: "యోగశ్చిత్తవృత్తినిరోధః". విడదీస్తే నాలుగు మాటలు. యోగం, చిత్తం, వృత్తి, నిరోధం. నాలుగూ తెలుగువాళ్లకు చిన్నప్పటి నుంచీ తెలిసినవే. చిక్కు కూడా అక్కడే మొదలవుతుంది. యోగం అంటే మనకు ఆసనాలు, లేకపోతే "నాకా యోగం లేదు" అన్నప్పటి అదృష్టం. చిత్తం అంటే "చిత్తం ప్రభూ" అనే ఒప్పుకోలు. వృత్తి అంటే బతుకుతెరువు కోసం చేసే పని. నిరోధం అంటే వ్యాధి నిరోధంలో లాగా రాకుండా అడ్డుకోవడం. తెలియని మాట ఎదురైతే నిఘంటువు తెరుస్తాం. తెలుసనుకున్న మాటకు తెరవం. అందుకే ఈ సూత్రానికి "మనసులో ఆలోచనలు రాకుండా ఆపేయడమే యోగం" అనే అర్థం అంత సులువుగా స్థిరపడింది. ఆ అర్థం పూర్తిగా తప్పు కాదు గానీ, దాన్ని పట్టుకుని సాధనకు కూర్చున్నవాళ్లు తలనొప్పితో లేస్తారు.

మాటల్లోకి వెళ్లే ముందు వాటి అమరిక చూద్దాం. "యోగః" చివరి విసర్గ తర్వాత "చ" వచ్చింది కాబట్టి విసర్గ "శ్" అయింది. తపః, చర్య కలిసి తపశ్చర్య అయినట్టే ఇదీ. వాక్యంలో క్రియ లేదు. తెలుగువాళ్లకు అది వింతేమీ కాదు. "ఆయన మా నాన్న" అన్నప్పుడు మనకూ క్రియ అక్కర్లేదు. ఒక పక్క యోగం, ఇంకో పక్క దాని లక్షణం, అంతే.

రెండో పక్కనున్న "చిత్తవృత్తినిరోధః" ఒకే సమాసం. చిత్తం యొక్క వృత్తులు, వాటి యొక్క నిరోధం. షష్ఠీ తత్పురుషలో మరో షష్ఠీ తత్పురుష. ఇది పాఠశాల వ్యాకరణంలా కనిపించినా, ఇక్కడ తేలేది చాలా పెద్ద విషయం. నిరోధం చిత్తానికి కాదు, చిత్తవృత్తులకు. పతంజలి "చిత్తనిరోధం" అనలేదు. సాధనలో మనసును చంపాలి, మనసు లేకుండా పోవాలి అనే మాటలు ఈ సూత్రం నెత్తిన పెట్టడానికి సమాసమే ఒప్పుకోదు.

యోగః

సంస్కృత ధాతుపాఠంలో "యుజ్" అనే ధాతువు ఒకచోట "యుజిర్ యోగే" అని, అంటే కలపడం అనే అర్థంలో ఉంది. సంయోగం, ప్రయోగం, ఉద్యోగం లాంటి మాటల్లో మనకు వినిపించేది ఇదే. ఇంకోచోట "యుజ సమాధౌ" అని, సమాధి అనే అర్థంలో ఉంది. రెండింటి నుంచీ యోగం అనే రూపమే వస్తుంది. మరి ఈ సూత్రంలోది ఏది?

యోగసూత్రాలకు అతి ప్రాచీనమైన వ్యాఖ్య వ్యాసభాష్యం. అది మొదటి సూత్రం దగ్గరే రెండు మాటల్లో తేల్చేస్తుంది: "యోగః సమాధిః". ఆ భాష్యానికి టీక రాసిన వాచస్పతి మిశ్రుడు ఇంకా విడమరిచి, ఇది సమాధి అర్థంలోని యుజ్ ధాతువే గానీ సంయోగ అర్థంలోది కాదని చెబుతాడు. జీవాత్మ పరమాత్మల కలయికే యోగం అనే ప్రసిద్ధమైన నిర్వచనం వేరే సంప్రదాయానిది. దాని విలువ దానిదే. కానీ దాన్ని ఈ సూత్రంలోకి తెచ్చిపెడితే తర్వాతి సూత్రాలు అతకవు. ఎందుకంటే ఈ శాస్త్రం చివరికి చెప్పేది కలయిక కాదు, మారుతూ ఉండే ప్రకృతి నుంచి, దాన్ని చూసే చైతన్యమైన పురుషుడు విడిగా తేలడం. రాజమార్తాండం అనే వ్యాఖ్య రాసిన భోజరాజు తన గ్రంథం మొదట్లోనే, ప్రకృతి పురుషుల వియోగాన్నే ఇక్కడ యోగం అంటున్నారని చమత్కరిస్తాడు. భగవద్గీత ఆరో అధ్యాయంలోనూ దుఃఖసంయోగం నుంచి వియోగానికి యోగమని పేరు పెట్టిన శ్లోకం ఉంది.

ఇక్కడ "సమాధి" కూడా మనల్ని తప్పుదారి పట్టించే మాటే. తెలుగులో సమాధి అనగానే గోరీ గుర్తొస్తుంది. అసలు మాటలో సమ్, ఆ అనే ఉపసర్గల తర్వాత "ధా" ధాతువు ఉంది. చక్కగా ఒకచోట ఉంచడం అని అర్థం. ప్రశ్నకు సమాధానం అన్నప్పటి మాట కూడా అక్కడి నుంచే వచ్చింది. చెదిరిన చిత్తం ఒక చోట కుదురుకోవడం సమాధి. వ్యాసభాష్యం దీన్ని చిత్తపు ధర్మం అంటుంది. అన్ని భూముల్లోనూ, అంటే చిత్తం ఏ స్థితిలో ఉన్నా దానికి ఉండే గుణం అని. బయటి నుంచి సంపాదించి తెచ్చుకోవలసిన వస్తువు కాదన్నమాట.

చిత్త

"మనోబుద్ధ్యహంకార చిత్తాని నాహం" అని నిర్వాణషట్కం మొదలవుతుంది. అందులో మనసు, బుద్ధి, అహంకారం, చిత్తం నాలుగూ వేరువేరు. అది వేదాంతుల లెక్క. అక్కడ చిత్తానికి గుర్తుపెట్టుకోవడం, తలచుకోవడం లాంటి పని మాత్రమే అప్పగిస్తారు. ఆ లెక్కతో ఈ సూత్రం చదివితే, జ్ఞాపకాలు ఆగితే చాలు యోగం అన్నట్టు అవుతుంది. పతంజలి చిత్తం అంత చిన్నది కాదు. చూసేది, తేల్చుకునేది, నాది అనుకునేది, దాచుకునేది, అన్నీ కలిసిన అంతఃకరణం మొత్తానికి ఆయన వాడే పేరది. "మనసు" అని అనువదిస్తే తప్పు లేదు గానీ, బుద్ధి కూడా అందులో చేరిందని గుర్తుంచుకోవాలి.

ఇంకో సంగతి మరీ ముఖ్యం. ఈ శాస్త్రంలో చిత్తం జడం. ప్రకృతి నుంచి పుట్టింది కాబట్టి సత్త్వరజస్తమోగుణాలు మూడూ అందులో ఉంటాయి. వ్యాసభాష్యం ఆ మూడింటినీ చిత్తం చేసే పనులుగానే చూపిస్తుంది. వెలుగులో చూపడం, కదిలించడం, నిలిపి ఉంచడం. వాటికి ప్రఖ్యా, ప్రవృత్తి, స్థితి అని పేర్లు. చూసేవాడు వేరు. ఆయన ద్రష్ట, పురుషుడు. చిత్తం, చితి, చేతన, చైతన్యం ఒకే ధాతువు నుంచి వచ్చిన మాటలే అయినా, చితి అంటే ఎప్పటికీ మారని చైతన్యం, చిత్తం అంటే ఎప్పుడూ మారుతూ ఉండే పనిముట్టు.

ఆ తేడా చెరిగిపోవడమే అసలు కథ. నాలుగో సూత్రం "వృత్తిసారూప్యమితరత్ర" అంటుంది. నిరోధం లేని వేళల్లో ద్రష్ట వృత్తుల రూపంలోనే ఉన్నట్టు కనిపిస్తాడు. మందారం పక్కన పెట్టిన స్ఫటికం ఎర్రగా కనిపించినట్టు. తెలుగు భాష ఈ విషయంలో సూత్రానికి దగ్గరగా ఉందని నాకనిపిస్తుంది. "నాకు కోపం వచ్చింది", "నాకు నిద్ర వచ్చింది", "నాకు గుర్తొచ్చింది" అంటాం. వచ్చింది వేరు, ఎవరికి వచ్చిందో ఆ నేను వేరు. నోరు అంత సరిగ్గా చెబుతూనే ఉంటుంది. కోపం వచ్చిన క్షణంలో మాత్రం ఆ రెండూ ఒకటైపోతాయి. దానికే వృత్తిసారూప్యం అని పేరు.

వృత్తి

"వృత్" అంటే ఉండటం, తిరగడం, నడవడం. ప్రవర్తన, ఆవృత్తి, వర్తమానం, వృత్తం అన్నీ అందులోంచి వచ్చినవే. వడ్రంగం ఒక వృత్తి అన్నప్పుడు కూడా మనిషి రోజంతా దేనిలో తిరుగుతాడో అదే అర్థం. చిత్తం రోజంతా వేటిలో తిరుగుతుందో అవి చిత్తవృత్తులు. చిత్తం ఒక విషయాన్ని తాకినప్పుడు ఆ ఆకారం దాల్చడం, అంతే. వృత్తి అనే మాటలో తప్పు, పాపం, మురికి అనే అర్థమేదీ లేదు. దీన్ని "ఆలోచన" అని అనువదించినప్పుడు పోయేది చాలా ఉంది. ఐదో ఆరో సూత్రాలు అదే చూపిస్తాయి. వృత్తులు ఐదు రకాలు: ప్రమాణం, విపర్యయం, వికల్పం, నిద్ర, స్మృతి.

ఈ ఐదింట్లోనూ తెలుగు మళ్లీ అడ్డొస్తుంది. ప్రమాణం అంటే ఒట్టు పెట్టుకోవడం కాదు, సరైన జ్ఞానం కలిగే మార్గం. అది మూడు విధాలు. ఇంద్రియాలతో నేరుగా తెలుసుకోవడం ప్రత్యక్షం. నమ్మదగినవారి మాట వల్ల తెలియడం ఆగమం. మూడోది అనుమానం. మనకు అనుమానం అంటే సందేహం, శాస్త్రంలో అది సందేహానికి సరిగ్గా ఎదురు. పొగను చూసి నిప్పుందని నిశ్చయంగా తేల్చుకోవడం.

విపర్యయం అంటే ఉన్నదాన్ని మరోలా చూసే తప్పు జ్ఞానం. కంటి దోషం వల్ల ఒక చంద్రుడు ఇద్దరుగా కనిపించడం భాష్యం ఇచ్చే ఉదాహరణ. తర్వాత సరైన చూపు దొరికితే ఇది చెరిగిపోతుంది.

వికల్పం దగ్గర కాస్త ఆగాలి. తెలుగులో దీన్ని ప్రత్యామ్నాయం అనో, ఊగిసలాట అనో వాడతాం. సూత్రం దానికి కచ్చితమైన నిర్వచనం ఇస్తుంది: "శబ్దజ్ఞానానుపాతీ వస్తుశూన్యో వికల్పః". మాట వింటే అర్థం తోస్తుంది, కానీ ఆ అర్థానికి సరిపడే వస్తువు ఉండదు. పండితులు చెప్పే పాత ఉదాహరణ "రాహువు తల". రాహువు అంటేనే తల. అయినా రాహువు వేరు, అతనికో తల వేరు అన్నట్టు మాట నడుస్తుంది, మనసుకు అర్థమూ అవుతుంది. భాష్యం ఇంకా లోతైన ఉదాహరణ ఇస్తుంది: "చైతన్యం పురుషుని స్వరూపం". పురుషుడే చైతన్యం అయినప్పుడు, పురుషుని యొక్క అనే మాటకు చోటెక్కడ? అయినా అలా అంటాం. విపర్యయానికీ దీనికీ తేడా ఇదే. తాడని తెలిశాక పాము భయం పోతుంది. రాహువు అంటే తలేనని తెలిసినా "రాహువు తల" అనే మాట వాడుతూనే ఉంటాం. వికల్పాన్ని జ్ఞానం చెరపదు. ధ్యానం గురించి చదివిన మాటలు ధ్యానంలో అడ్డొచ్చేది ఇలాగే. "శూన్యంగా ఉన్నాను" అన్న మాట లోపల వినిపిస్తూ ఉంటే అక్కడున్నది శూన్యం కాదు, వికల్పవృత్తి.

నిద్రను వృత్తుల్లో చేర్చడం చాలామందికి ఆశ్చర్యం కలిగిస్తుంది. నిద్రలో మనసు ఆగిపోయింది కదా, అది నిరోధమే కదా అని అడుగుతారు. దానికి భాష్యం చెప్పే జవాబు చాలా సూటిగా ఉంటుంది. లేచాక "హాయిగా నిద్రపోయాను, మనసు తేటగా ఉంది" అంటాం. లేదా "సరిగా నిద్ర పట్టలేదు, మనసు మొద్దుబారింది" అంటాం. లేదా "ఒళ్లు తెలియకుండా పడుకున్నాను, ఒళ్లంతా బరువుగా ఉంది" అంటాం. అనుభవించనిది గుర్తుండదు. గుర్తుంది కాబట్టి నిద్రలోనూ చిత్తం ఒకదాన్ని పట్టుకునే ఉంది. ఏమీ లేదు అనే ప్రతీతిని. అందుకే అది కూడా ఆగవలసిన వృత్తి.

ఇక స్మృతి. అనుభవించిన విషయం జారిపోకుండా ఉండటం. సూత్రంలోని "అసంప్రమోషః" అనే మాటలో దొంగిలించడం అనే అర్థమున్న "ముష్" ధాతువు ఉంది. అనుభవం దొంగల పాలు కాకుండా మిగలడం స్మృతి.

ఇప్పుడు వీటిని ఒక సాధకుడి అరగంటలో చూద్దాం. కళ్లు మూసుకుని, శ్వాస మీద దృష్టి నిలిపి కూర్చున్నాడు. కాసేపటికి బయట తలుపు చప్పుడైంది. ఆ చప్పుడు చెవికి తగలడం ప్రత్యక్షం. "ఎవరో వచ్చారు" అని తేల్చుకోవడం అనుమానంలా ఉంది, కానీ వచ్చింది గాలి మాత్రమే. కాబట్టి అది విపర్యయం. వచ్చింది ఫలానా మనిషేమో అనుకోగానే నిన్న ఆ మనిషితో జరిగిన వాదన గుర్తుకొచ్చింది. అది స్మృతి. "అప్పుడే ఇలా అనాల్సింది, అతను అలా అంటే నేను ఇలా..." అని ఎన్నడూ జరగని సంభాషణ ఐదారు నిమిషాలు నడిచింది. దాని ముక్కలు జ్ఞాపకాల్లోంచి తెచ్చినవే అయినా, ఆ మాటలకు సరిపడే సంఘటన ఎక్కడా లేదు. దీన్ని నేను వికల్పం కిందే చేరుస్తాను. అలిసిపోయి తల వాలింది. ఉలిక్కిపడి లేచి "బాగా కుదిరింది ఈ రోజు" అనుకున్నాడు. కుదిరింది నిద్ర.

ఈ లెక్క వేసుకోవడం వల్ల ఒక ఉపయోగం ఉంది. "మనసు ఆగడం లేదు" అని అందరం ఒకే ఫిర్యాదు చేస్తాం. నిజానికి ఐదు వేరువేరు పనులు జరుగుతున్నాయి. విపర్యయం లేచి చూస్తే పోతుంది. వికల్పం అలా పోదు. స్మృతి వెనకాల నిన్నటి రాగమో ద్వేషమో ఉంటుంది. నిద్రకు వేళ మార్చుకోవడం, వెన్ను నిటారుగా పెట్టడం లాంటివే పనికొస్తాయి. అన్నిటికీ ఒకే మందు వేస్తే ఏదీ తగ్గదు.

పతంజలి ఇంకో గీత కూడా గీశాడు. ఈ ఐదూ క్లిష్టాలూ కావచ్చు, అక్లిష్టాలూ కావచ్చు. ఇక్కడ క్లిష్టం అంటే కష్టమైనది అని కాదు. అవిద్య, అస్మిత, రాగం, ద్వేషం, అభినివేశం అనే ఐదు క్లేశాలతో కూడినది అని. ఎదుటివాడి విజయాన్ని ఉన్నదున్నట్టు చూడటం ప్రమాణమే. అది అసూయను రేపితే అదే క్లిష్టం. సరైన జ్ఞానమైనంత మాత్రాన వృత్తి మేలు చేస్తుందని లేదు.

నిరోధః

ఈ మాటను "నిర్" అనే ఉపసర్గతో విడదీయడం తరచుగా కనిపించే పొరపాటు. ఇక్కడున్నది "ని", ఆ తర్వాత "రుధ్" ధాతువు. విరోధం, అవరోధం, అనురోధం అన్నీ ఆ ధాతువువే. దాని మూలార్థం చుట్టూ కట్టడి చేయడం. నది గట్టును సంస్కృతంలో "రోధస్సు" అంటారు. గట్టు నీటిని చంపదు. నీరు ఎటు పోవాలో, ఎంతవరకు పోవాలో చెబుతుంది.

వ్యాసభాష్యం పన్నెండో సూత్రం దగ్గర సరిగ్గా ఇలాంటి పోలికనే తెస్తుంది. చిత్తం ఒక నది, అది రెండు వైపులా పారుతుంది. వివేకం వైపు వాలుగా పారితే మేలుకు, వివేకం లేని విషయాల వైపు వాలుగా పారితే చేటుకు. వైరాగ్యంతో విషయాల వైపు పారే పాయను సన్నగిల్లజేయాలి. వివేకాన్ని చూసే అభ్యాసంతో రెండో పాయను తెరవాలి. నిరోధం ఆ రెండింటి అధీనంలో ఉందని భాష్యం అంటుంది. కాలువల కింద వ్యవసాయం చేసినవారికి ఇది వెంటనే బోధపడుతుంది. ఒక తూము మూసి రెండోది తీయకపోతే నీరు గట్టు తెంచుకుంటుంది. వైరాగ్యం మాత్రమే పట్టుకుని, అన్నీ వద్దనుకుని, చిత్తానికి నిలవడానికి ఒక్క ఆలంబనం కూడా ఇవ్వకుండా కూర్చుంటే జరిగేది అదే.

బలవంతంగా అణచివేస్తున్నామా, నిజంగా నిరోధం వైపు వెళుతున్నామా అన్నది తెలుసుకోవడానికి పతంజలే గుర్తులు ఇచ్చాడు. ముప్ఫై ఒకటో సూత్రంలో విక్షేపంతో, అంటే చిత్తం చెదరడంతో, కలిసి వచ్చేవి నాలుగు చెబుతాడు. దుఃఖం, మనసు కుంగడం, ఒళ్లు అదరడం, శ్వాస లయ తప్పడం. కూర్చున్నప్పుడు దవడ బిగిసి, నుదురు ముడిపడి, ఊపిరి తెలియకుండానే బిగబట్టి, లేచాక చిన్న మాటకే చిరాకు వస్తుంటే, ఆలోచనలు తగ్గినట్టు అనిపించినా లోపల విక్షేపమే నడుస్తోందని అర్థం. దానికి విరుగుడుగా ఆ వెంటనే చెప్పేది "ఏకతత్త్వాభ్యాసః". ఏదో ఒకదాని మీద చిత్తాన్ని నిలిపే అభ్యాసం. జారిన ప్రతిసారీ పోరాడకుండా తిరిగి దాని దగ్గరికే తేవడం. ఒక వృత్తిని పదేపదే నిలుపుకుంటే మిగతావి వాటంతట అవే పలచబడతాయి.

అలా తేవడానికి ఎంత కాలం పడుతుంది? పద్నాలుగో సూత్రం సంఖ్య ఇవ్వదు, మూడు షరతులు ఇస్తుంది. దీర్ఘకాలం, మధ్యలో తెంపకపోవడం, సత్కారంతో చేయడం. ఈ మూడోది చాలామంది వదిలేసేది. సత్కారం అంటే శాలువా కప్పడం కాదు. తపస్సుతో, బ్రహ్మచర్యంతో, విద్యతో, శ్రద్ధతో అని భాష్యం వివరిస్తుంది. రోజూ ఇరవై నిమిషాలు కూర్చుంటూ, ఎప్పుడెప్పుడు అయిపోతుందా అని గడియారం చూసేవారికి మొదటి రెండు షరతులూ తీరతాయి, మూడోది తీరదు. అభ్యాసం కూడా ఎక్కడికో చేరడానికి చేసే ప్రయత్నం కాదు, "స్థితి" కోసం చేసేది. ఆ స్థితికి భాష్యం ఇచ్చే అర్థం "ప్రశాంతవాహిత", అంటే ప్రశాంతంగా పారడం. నిలిచిపోవడం అనలేదు, పారడం అన్నారు. నిరోధం అంటే రాయిలా అవడం అనుకునేవారు ఈ ఒక్క మాట దగ్గర ఆగి చూడాలి.

ఆగిన వృత్తి ఎక్కడికి పోతుంది అన్నది తర్వాతి ప్రశ్న. వృత్తి ఆగినా దాని సంస్కారం ఉండిపోతుంది. వృత్తుల వల్ల సంస్కారాలు, సంస్కారాల వల్ల మళ్లీ వృత్తులు. ఈ చక్రం ఎడతెగకుండా తిరుగుతుందని భాష్యం అంటుంది. ఒకరోజు అద్భుతంగా కుదిరిన ధ్యానం మర్నాటికి మాయమయ్యేది ఇందుకే. ఆ రోజు ఆగింది వృత్తి, సంస్కారం కాదు. మూడో పాదం తొమ్మిదో సూత్రం దీనికి దారి చూపిస్తుంది. నిరోధానికి కూడా దాని సంస్కారం ఉంటుంది. బయటికి లేచే అలవాటు సంస్కారాలు అణగడం, నిరోధ సంస్కారాలు పైకి రావడం, ఈ రెండూ జరిగే క్షణంలో చిత్తంలో వచ్చే మార్పుకు నిరోధపరిణామం అని పేరు. పదో సూత్రం ప్రకారం ఆ సంస్కారం బలపడ్డకొద్దీ ప్రశాంతవాహిత నిలుస్తుంది. అంటే నిరోధం ఒక్కసారి జరిగే సంఘటన కాదు, పేరుకునే అలవాటు.

ముందు ఏవి ఆగాలి, తర్వాత ఏవి అన్నదానికి రెండో పాదం పదకొండో సూత్రం భాష్యంలో బట్టలుతికే పోలిక ఉంది. పైపై మురికి మొదట దులిపితే పోతుంది, లోపలికి ఇంకింది తర్వాత ప్రయత్నంతో, ఉపాయంతో పోతుంది. క్లేశాల స్థూలరూపాలు తపస్సు, స్వాధ్యాయం, ఈశ్వరప్రణిధానం అనే క్రియాయోగంతో పలచబడి, ధ్యానంతో పోతాయి. కోపాలూ కక్షలూ అలాగే ఉంచుకుని నేరుగా నిర్వికల్పంగా కూర్చోవాలనుకోవడం దులపకుండా ఉతకడమే.

ఇక ఈ సూత్రం మీద పండితులు ఎక్కువగా వాదించుకున్న విషయానికి వద్దాం. సూత్రంలో "సర్వ" అనే మాట లేదు. "అన్ని చిత్తవృత్తుల నిరోధం" అని పతంజలి అనలేదు. ఇది మరచిపోయి వదిలింది కాదని భాష్యం మొదటి వాక్యమే చెబుతుంది. సర్వ అనే మాట తీసుకోలేదు కాబట్టి, ఒకదాని మీద చిత్తం నిలిచే సంప్రజ్ఞాత సమాధి కూడా యోగమే అవుతుంది అంటుంది. చిత్తానికి ఐదు భూములు ఉన్నాయి. చెల్లాచెదురైన క్షిప్తం, మొద్దుబారిన మూఢం, ఎక్కువగా చెదురుతూ అప్పుడప్పుడు నిలిచే విక్షిప్తం, ఒకదాని మీదే నిలిచే ఏకాగ్రం, అన్నీ ఆగిన నిరుద్ధం. ఏకాగ్రంలో ఇంకా ఒక వృత్తి ఉంటుంది. అయినా అది యోగమే. ఎందుకంటే అది ఉన్న వస్తువును ఉన్నట్టు చూపిస్తుంది, క్లేశాలను క్షీణింపజేస్తుంది, కర్మబంధాలను వదులు చేస్తుంది, చిత్తాన్ని నిరోధం వైపు తిప్పుతుంది.

దీంతో వెంటనే ఒక ఆక్షేపణ వస్తుంది. అన్ని వృత్తులూ ఆగనక్కర్లేకపోతే, కోపంతో ఊగిపోయేవాడి చిత్తంలో ప్రేమ అనే వృత్తి ఆ సమయానికి ఆగి ఉంటుంది కదా, అదీ యోగమేనా? గాఢంగా మత్తులో ఉన్నవాడి సంగతో? ఈ ఆక్షేపణ చాలా గట్టిది. వాచస్పతి మిశ్రుడి సమాధానం ఏమిటంటే, క్లేశాలకూ కర్మలకూ వాటి ఫలాల వాసనలకూ ఎదురుగా పనిచేసే నిరోధమే ఇక్కడి నిరోధం. కోపం ప్రేమను ఆపడంలో క్లేశం పెరిగిందే గానీ తగ్గలేదు. వ్యాసభాష్యానికే వార్తికం రాసిన విజ్ఞానభిక్షువు ఇంకో దారి పడతాడు. రెండో సూత్రాన్ని మూడో సూత్రంతో కలిపి చదవమంటాడు: "తదా ద్రష్టుః స్వరూపేఽవస్థానమ్". ద్రష్ట తన స్వరూపంలో నిలవడానికి కారణమయ్యే వృత్తినిరోధమే యోగం. ఈ రెండో పద్ధతే నాకు సూత్రానికి దగ్గరగా అనిపిస్తుంది. ఎందుకంటే "తదా", అంటే అప్పుడు, అనే మాటతో పతంజలే ఆ రెండు సూత్రాలకూ ముడి వేశాడు.

ఇక్కడ వదిలిపెట్టిన ఆ "సర్వ" అనే మాటను పతంజలి పారేయలేదు. ఈ సూత్రం ఉన్న మొదటి పాదం పేరు సమాధి పాదం, అందులో యాభై ఒక్క సూత్రాలు ఉన్నాయి. చివరికి వచ్చేసరికి సాధకుడిలో మిగిలేది సత్యాన్ని చూసిన ప్రజ్ఞ, దాని వల్ల పుట్టి మిగతా సంస్కారాలన్నిటినీ అడ్డుకునే ఒకే ఒక సంస్కారం. యాభై ఒకటో సూత్రం దాన్ని కూడా వదలదు: "తస్యాపి నిరోధే సర్వనిరోధాన్నిర్బీజః సమాధిః". దానికి కూడా నిరోధం కలిగితే సర్వనిరోధం వల్ల నిర్బీజ సమాధి. రెండో సూత్రంలో ఖాళీగా ఉంచిన చోటు, నలభై తొమ్మిది సూత్రాల తర్వాత ఇలా నిండుతుంది.